విందుకు ముందు బంధువులకు పంపే కబురులో వంటకాల పేర్లు, 'మీకేది పడదు' అన్న ప్రశ్న ఉండాలా వద్దా?

చిన్నకోడలు: వచ్చే నెల మొదటి ఆదివారం తణుకులో మా మామయ్యగారి షష్టిపూర్తి. 80 మంది వస్తారు, అరిటాకుల్లో బంతి భోజనం. ఫ్యామిలీ గ్రూపులో మెనూ పెట్టి, ఎవరికి ఏది పడదో అడుగుదామని నేనంటున్నాను. పిలుపులో వంటలు చెప్పడం మర్యాద కాదని అత్తయ్యగారు అంటున్నారు. వచ్చేవాళ్లలో షుగర్ ఉన్నవాళ్లు, ఉల్లి వెల్లుల్లి తిననివాళ్లు, వేరుశనగ పడని ఆరేళ్ల బాబు, గోధుమ మానేసిన వదిన ఉన్నారు. ఏం రాయాలి?

మర్యాద_ముందు: మీ అత్తగారి మాటే నిజం. భోజనానికి పిలవాలి గానీ వంటలు చదివి వినిపించకూడదు. పేర్లు రాస్తే అది మాట ఇచ్చినట్టే. బూరెలని రాసి ఆ రోజు బొబ్బట్లు పెట్టారనుకోండి, ఏడాది పాటు చెప్పుకుంటారు. పైగా ఒక్కరిని అడిగితే అందరూ అడుగుతారు. ఒకరు పెసరట్టు అంటే ఇంకొకరు దోసె అంటారు.

బంతి_వంటలు: పాతికేళ్లుగా పంక్తి వంటలు చేయిస్తున్నాను. మీరు చెప్పిన రెండో ఇబ్బంది ఉన్నదే. అయితే అది అడగడం వల్ల రాదండీ, అడిగే తీరు వల్ల వస్తుంది. 'మీకేం కావాలి' అంటే 30 కోరికలొస్తాయి. 'ఏది పడదు' అన్నా చిక్కే. మన భాషలో పడదు అన్న మాట మూడు పనులు చేస్తుంది. వంకాయ ఇష్టం లేనాయనా పడదంటాడు, వెల్లుల్లి మానేసిన పెద్దావిడా పడదంటుంది, వేరుశనగ తింటే గొంతు వాచే పిల్లాడి తల్లీ పడదనే అంటుంది. వంటవాడి చెవిన మూడూ ఒకటిగానే పడతాయి. అతను అన్నిటికీ తలూపి, చివరికి అన్నిటినీ ఇష్టాయిష్టాల కిందే జమకడతాడు.

అందుకే కబురులో ఇలా విడదీసి అడగండి: తింటే ప్రమాదమైన వస్తువు ఉందా, నియమం కొద్దీ మానేసినది ఉందా. ఇష్టాల సంగతి ఎత్తనే వద్దు. అవి ఆకులో పక్కన పెట్టుకుంటే తీరిపోతాయి.

మర్యాద_ముందు: అడగడం సరే. వంటకాల పేర్లు ఎందుకు మరి? ప్రమాదం ఉన్నవాళ్లు ఎలాగూ చెప్తారు కదా.

బంతి_వంటలు: చెప్పరండీ. ఎందుకంటే పేరు చూసి వస్తువు పోల్చుకోలేరు. గుత్తి వంకాయ కారంలో వేయించిన వేరుశనగ గుళ్లు నూరి వేస్తారు. అది కంటికి కనపడదు. పులిహోరలో గుళ్లు కనిపిస్తాయి కనుక తల్లి ఏరి పెడుతుంది, కూర మాత్రం పెట్టేస్తుంది. గోధుమ ఇంకా దాగి ఉంటుంది. బజారు ఇంగువ పొడిలో చాలా రకాలకు గోధుమ పిండి కలుపుతారు. ఆ ఒక్క డబ్బాతో పులిహోర, పులుసు, పచ్చడి తాలింపు మూడూ ఆ వదినగారికి పనికిరాకుండా పోతాయి. గారెల పిండి జారుగా వస్తే వంటవాళ్లు గుప్పెడు బొంబాయి రవ్వ కలిపేస్తారు. మినప్పప్పే కదా అని ఆవిడ తినేస్తుంది. అందుకని వంటకం పేరు, దాంట్లో దాగిన వస్తువు పక్కపక్కన రాస్తేనే ఉపయోగం. వస్తువులన్నీ అక్కర్లేదు. వేరుశనగ, జీడిపప్పు, నువ్వులు, గోధుమ చాలు. పాలు, పెరుగు, నెయ్యి ఎందులో ఉన్నాయో అందరికీ తెలుసు.

డల్లాస్_తమ్ముడు: ఇక్కడ మా తెలుగు సంఘం పిక్నిక్‌లో ఆన్‌లైన్ ఫారం పంపిస్తాం. అందులో అన్నీ టిక్ పెడతారు. వీగన్, కీటో, అన్నీ ఉంటాయి. మీరూ అలాగే చేయండి అక్కా. లేదా గ్రూపులో పోల్ పెట్టండి, రెండు నిమిషాల పని.

ఆహార_నిపుణురాలు_ఖమ్మం: పోల్ వద్దమ్మా. వాట్సాప్ పోల్‌లో ఎవరు ఏ గడి నొక్కారో గ్రూపులో అందరికీ కనపడుతుంది. కొత్తగా షుగర్ వచ్చిన 35 ఏళ్ల వాళ్లు, పెళ్లి సంబంధాలు చూస్తున్న పిల్లల తల్లిదండ్రులు అక్కడ నొక్కరు. మెనూ గ్రూపులో పెట్టండి, జవాబు మాత్రం మీ ఒక్కరి నంబరుకు రమ్మనండి. డెబ్బై దాటినవాళ్లకు మెసేజ్ చాలదు, ఫోన్ చేయాలి. వాళ్లను అడిగితే 'మాకేమీ లేదమ్మా' అంటారు. 'ఈమధ్య మందులేమైనా మార్చారా, రాత్రి భోజనం చేస్తున్నారా, ఫలహారమా' అని అడిగితే అసలు సంగతి బయటికొస్తుంది.

షుగర్_పన్నెండేళ్లు: నాకు పన్నెండేళ్లుగా షుగర్. అనుభవంతో చెప్తున్నా, పెద్ద హంగామా అక్కర్లేదు. బూరెలు బెల్లంతో చేయించండి, అన్నం బదులు రెండు చపాతీలు పెట్టండి. బెల్లం షుగర్‌ని పెంచదు.

ఆహార_నిపుణురాలు_ఖమ్మం: అన్నం తగ్గించాలన్న మాట సరైనదే. బెల్లం విషయంలో మాత్రం ఒప్పుకోలేనండీ. బెల్లమూ రక్తంలో చక్కెరను పెంచుతుంది, పంచదారకూ దానికీ ఈ విషయంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. బెల్లం కనుక ఫరవాలేదని కబురులో రాస్తే, ఒక బూరె తినేవారు మూడు తింటారు. చపాతీ కూడా పిండిపదార్థమే. ఎన్ని తిన్నారన్నదే లెక్క. పైగా చపాతీల పిండి అదే వంటశాలలో ఎగిరితే, గోధుమ పడని వదినగారికి కొత్త ఇబ్బంది.

కొర్ర అన్నం పెట్టండి, అది ఇద్దరికీ కుదురుతుంది. పది పన్నెండు మందికి కిలో కొర్రలు సరిపోతాయి. కనీసం అరగంట నానబెట్టి వండాలి. చల్లారితే పొడిపొడిగా గట్టిపడుతుంది కనుక చివర్లో వండించి, మూతపెట్టి ఉంచాలి. ఇదీ అన్నమే, ఎంతైనా తినవచ్చని కాదు.

వీటన్నిటికంటే ముఖ్యమైనది మెనూలో కాదు, గడియారంలో ఉంది. కొన్ని రకాల షుగర్ మాత్రలు, భోజనానికి ముందు తీసుకునే ఇన్సులిన్ వాడేవాళ్లకు తిండి ఆలస్యమైతే చక్కెర పడిపోతుంది. చెమటలు, వణుకు, తడబాటు వస్తాయి. చుట్టూ ఉన్నవాళ్లు ఎండకు నీరసించారనుకుంటారు. కబురులో ముహూర్తం సమయమే వేస్తారు, ఆకులు వేసే సమయం వేయరు. రెండోదే వేయండి, దానికి కట్టుబడండి. పూజ సాగితే మొదటి బంతి ఆగకూడదు. టిఫిన్ ఇడ్లీలు ఓ ఇరవై విడిగా ఉంచండి.

మర్యాద_ముందు: ఈ సమయం సంగతి నేనూ ఒప్పుకుంటాను. కానీ దంపతులు అక్షతలు వేయించుకోకముందే బంతి వేయడం మా వైపు చేయరు. పెద్దలు లేస్తారు.

బంతి_వంటలు: అయితే ఆ పదిమందికి పక్క గదిలో ఫలహారమన్నా పెట్టాలి. దానికి పేరు బంతి అక్కర్లేదు.

చిన్నకోడలు: చాలా ఉపయోగంగా ఉంది. ఇలా రాశాను, తప్పులుంటే చెప్పండి.

'పెద్దలందరికీ నమస్కారం, పిల్లలకు ఆశీస్సులు. ఆదివారం మామయ్యగారి షష్టిపూర్తికి మీరంతా వస్తున్నందుకు మాకెంతో ఆనందంగా ఉంది. ఉదయం 8 నుంచి టిఫిన్: ఇడ్లీ, పెసరట్టు, ఉప్మా, అల్లం పచ్చడి. మధ్యాహ్నం 12:30కి ఆకులు వేస్తాం: పులిహోర, బూరెలు, గారెలు, ముద్దపప్పు, గుత్తి వంకాయ, దొండకాయ వేపుడు, ముక్కల పులుసు, గోంగూర పచ్చడి, గడ్డ పెరుగు. అన్నీ ఉల్లి, వెల్లుల్లి లేకుండా. కొర్ర అన్నం కూడా ఉంటుంది, ఎవరైనా అడిగి వేయించుకోవచ్చు. చిన్నపిల్లలకు 12 గంటలకే కారం లేని పప్పన్నం. ఉప్మాలో గోధుమ, గుత్తి వంకాయలో వేరుశనగ, నువ్వులు ఉంటాయి. పులిహోరలో ఈసారి గుళ్లు వేయడం లేదు, జీడిపప్పు వేస్తాం. కూరగాయల దొరుకుబాటును బట్టి ఒకటి రెండు మారవచ్చు. తింటే ప్రమాదమైన వస్తువు ఉన్నా, ఉపవాసమో నియమమో ఉన్నా బుధవారం రాత్రిలోగా నాకు విడిగా చెప్పండి. మీకోసం విడిగా వండిస్తాం, అందులో మాకు శ్రమేమీ లేదు.'

బంతి_వంటలు: బాగుందమ్మా. 'కొర్ర అన్నం ఎవరైనా' అన్న మాట మంచిది. షుగర్ వాళ్లకు అని రాసి ఉంటే అడిగేవాళ్లు తగ్గేవారు. బుధవారం గడువు కూడా సరిపోతుంది. శుక్రవారం సరుకులు కొంటారు, శనివారం రాత్రి పప్పు నానుతుంది. శుక్రవారం తర్వాత వచ్చిన మాటకు వంట మార్చడం కష్టం.

రెండు దిద్దుబాట్లు. ఒకటి, గుళ్ల బదులు జీడిపప్పు వేసే ముందు బాబు వాళ్లమ్మను అడగండి. వేరుశనగ పడని పిల్లల్లో కొందరికి జీడిపప్పు కూడా పడదు. నూనె ఏదో కూడా ఆవిడకు చెప్పండి. గానుగ వేరుశనగ నూనె అయితే మార్చాలి. రెండు, గోధుమ లేని ఇంగువ మీరే కొని వంటవాడి చేతికివ్వండి. డబ్బా మీద రాసింది చదివి కొనాలి. దొరక్కపోతే వదినగారికి తీసే వంటలకు ఇంగువ వేయకుండా తాలింపు పెట్టించండి.

డల్లాస్_తమ్ముడు: మరి బోర్డులు పెట్టరా? ఇక్కడ ప్రతి గిన్నె ముందూ కార్డు ఉంటుంది.

బంతి_వంటలు: అది బఫేకి సరిపోతుంది బాబూ. బంతిలో బకెట్లు తిరుగుతాయి, వడ్డించేవాడు ఒకే గరిటె రెండు బకెట్లలో ముంచుతాడు. కబురు ఎంత జాగ్రత్తగా రాసినా అక్కడ దెబ్బతింటుంది. బాబుకు, వదినగారికి వంట దింపగానే, వడ్డన మొదలు కాకముందే మూత గిన్నెల్లో తీసి పేరు రాసి పెట్టాలి. వాళ్లకు బంతి చివర చోటిచ్చి, ఇంటి మనిషే ఆ గిన్నెల్లోంచి వడ్డించాలి. గారెలు మూకుట్లో మొదట వేయించి వదినగారివి తీసేయమనండి. బూరెల తోపులో మైదా కలిపితే, ఆ తర్వాత అదే నూనెలో వేగిన గారెలు ఆవిడకు పనికిరావు.

ఆహార_నిపుణురాలు_ఖమ్మం: ఒక్క మాట అడుగుతాను. వదినగారు గోధుమ మానేసింది డాక్టరు చెప్పినందుకా, తేలిగ్గా ఉంటుందనా? మొదటిదైతే చిటికెడు ఇంగువా లెక్కలోకి వస్తుంది. రెండోదైతే ఇంత అవసరం లేదు.

చిన్నకోడలు: తెలియదండీ. ఇవాళే ఫోన్ చేసి అడుగుతాను. అత్తయ్యగారు మాత్రం మెనూ గ్రూపులో ఇంకా వద్దంటున్నారు.

మర్యాద_ముందు: పిలుపు మీ అత్తమామల పేరున ముందు వెళ్లనివ్వమ్మా, అందులో వంటల ఊసు వద్దు. వారం ఆగి ఈ కబురు కోడలిగా నీ పేరున పంపు. అప్పుడు అది పిలుపు కాదు, ఇంటి మాట. అయినా వంటకాల పేర్లన్నీ రాయడం నాకింకా నచ్చలేదు. దాగిన వస్తువులు మాత్రం చెప్తే సరిపోతుందంటాను.

బంతి_వంటలు: ఏ వంటకంలో దాగిందో చెప్పకుండా అవెలా చెప్తామండీ?

చిన్నకోడలు: వదినతో మాట్లాడాను. డాక్టరు చెప్పిందేనట, పరీక్ష చేయించుకున్నారట. ఇంగువ సంగతి ఆవిడకూ తెలియదు, ఇన్నాళ్లూ మా ఇంట్లో పులుసు తింటూనే ఉన్నారు.