‘ఉపసంహరించుకోవాలని అనుకుంటున్నాను’ అంటే మర్యాదగా ఉంటుందా?

సింధు: గచ్చిబౌలిలో ఒక కంపెనీకి ఇంటర్వ్యూలు ఇస్తున్నాను. అక్కడి రిక్రూటర్ మేడమ్ చాలా సాయం చేశారు. నాన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడు రెండో రౌండ్ వారం వాయిదా వేయించారు. మూడో రౌండ్ గురువారం ఉంది. ఈలోపు వేరేచోట ఆఫర్ వచ్చింది, సంతకం పెట్టేశాను. ఆవిడతో మొదటి నుంచీ తెలుగులోనే మెసేజ్‌లు. ఇలా రాశాను, సరిగ్గా ఉందా?
“మేడమ్, అనివార్య కారణాల వల్ల నా దరఖాస్తును ఉపసంహరించుకోవాలని అనుకుంటున్నాను. అన్యథా భావించవద్దు.”

వెంకట్: ఉపసంహరణ అంటే ఎన్నికల నామినేషన్ గుర్తొస్తుంది. ‘విరమించుకుంటున్నాను’ అంటే చాలు.

రమాదేవి: వెంకట్ గారూ, మాట బరువైనదన్నది నిజమే. కానీ విరమించుకునేది సమ్మెనో ప్రయత్నాన్నో. ఇచ్చిన దరఖాస్తునైతే ఉపసంహరించుకుంటాం, లేదా వెనక్కి తీసుకుంటాం.
సింధూ, నేను చేసేదీ రిక్రూటర్ పనే. నీ మెసేజ్‌లో చిక్కు ‘అనుకుంటున్నాను’ దగ్గరుందమ్మా. మర్యాద కోసం రాశావు, కానీ చదివేవాళ్లకు నువ్వింకా తేల్చుకోలేదనిపిస్తుంది. జీతం దగ్గర ఆగిందేమోనని నేనైతే వెంటనే మేనేజర్‌ని కదుపుతాను. పైగా ‘అనివార్య కారణాలు’ అన్నావు. మీ నాన్నగారి సంగతి ఆవిడకు తెలుసు కాబట్టి మళ్లీ ఇంట్లో ఇబ్బందేమో, కొన్నాళ్లు ఆగుదాం అనుకుంటారు. మూడో రౌండ్ టైమ్ నీ పేరు మీదే ఉండిపోతుంది, వెనకున్న అభ్యర్థికి కబురు వెళ్లదు. ఇలా రాయి:
“మేడమ్, నమస్తే. నేను వేరేచోట ఉద్యోగానికి ఒప్పుకున్నాను. అందుకని మీ కంపెనీలో నా దరఖాస్తును వెనక్కి తీసుకుంటున్నాను. గురువారం ఇంటర్వ్యూ దయచేసి రద్దు చేయించండి. నాన్నగారు ఆసుపత్రిలో ఉన్నప్పుడు మీరు రెండో రౌండ్ వాయిదా వేయించడం నాకు పెద్ద సాయం. కృతజ్ఞతలు.”
ఇదే విషయం ఉద్యోగం పేరు, జాబ్ ఐడీతో మెయిల్‌లో కూడా పెట్టు. సిస్టమ్‌లో నీ ఫైల్ మూసేటప్పుడు ఆవిడకు అది కావాలి.

నరేష్: ఇలా చేస్తే గొడవవుతుంది సింధు గారూ. నేను ఆఫర్ ఒప్పుకుని చేరనంటే ఆ హెచ్ఆర్ వాళ్లు నెలపాటు ఫోన్లు చేశారు.

రమాదేవి: మీరు ఆ కంపెనీకి మాటిచ్చి వెనక్కి తగ్గారు నరేష్ గారూ. సింధుకు అక్కడ ఆఫరే రాలేదు, మూడో రౌండ్ కూడా కాలేదు.

వెంకట్: ‘క్షమించండి’ ఒక్కటైనా ఉండాలి కదండీ. మరీ పొడిగా ఉంది.

రమాదేవి: రేపు ఇంటర్వ్యూ పెట్టుకుని ఈ రాత్రి చెబితే ఉండాలి. ముందుగా చెబుతున్నప్పుడు ఆవిడ చేసిన సాయం పేరెత్తి చెప్పడమే ఎక్కువ మర్యాద.

వెంకట్: నాకు మాత్రం క్షమాపణ లేకపోతే వెలితిగానే ఉంది.

సింధు: ఏ కంపెనీలో చేరుతున్నానో అడిగితే చెప్పాలా మేడమ్?

రమాదేవి: చెప్పాలని లేదు. ‘చేరాక చెబుతానండీ’ అంటే సరిపోతుంది.

నరేష్: నోటీసు మూడు నెలలుంటే? ఈలోపు కొత్త ఆఫర్ రద్దయితే రెండూ పోతాయి. చేరేదాకా ఆగడమే మంచిది.

రమాదేవి: ఆ భయం నేను కాదనను. కానీ అన్నాళ్లు ఆవిడ చేత రౌండ్లు పెట్టిస్తూ ఉండలేం కదా.

సింధు: ‘అన్యథా భావించవద్దు’ తీసేసి, ‘తీసుకుంటున్నాను’ అనే పంపేశాను. మెయిల్ కూడా పెట్టాను.