‘ఎంత అందంగా’ అంటే ‘హౌ మచ్ బ్యూటిఫుల్’ ఎందుకు కాదు?

మాధవి: అందరికీ నమస్కారం. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. మామూలు వాక్యాలను ఆశ్చర్యార్థకంగా మార్చమంటే రెండు చోట్ల ఎర్ర గీత పడింది. ‘ఇట్ ఈజ్ ఎ వెరీ బ్యూటిఫుల్ డే’ని ‘వాట్ బ్యూటిఫుల్ డే ఇట్ ఈజ్’ అని రాసింది. ‘ద రివర్ ఈజ్ వెరీ బ్యూటిఫుల్’ని ‘హౌ మచ్ బ్యూటిఫుల్ ద రివర్ ఈజ్’ అని. రెండూ తప్పని నాకూ తెలుస్తోంది కానీ ఎందుకంటే చెప్పలేకపోతున్నా. "ఎంత అంటే హౌ మచ్చే కదమ్మా" అని ఎదురు అడుగుతోంది.

రమేశ్: ఇందులో ఆలోచించడానికేం లేదండీ. ‘వాట్’ పక్కన ఎప్పుడూ ‘ఎ’ ఉండాలి, ‘హౌ’ పక్కన ‘మచ్’ ఉండకూడదు. ‘వాట్ ఎ’ అని ఒకే మాటలా బట్టీ పట్టించేయండి, మేమంతా అలాగే నేర్చుకున్నాం.

శ్రీనివాసరావు: రమేశ్ గారూ, ఆ బట్టీ వల్లే తర్వాత ఇంకో రకం తప్పులొస్తాయి, దానికి మళ్ళీ వస్తాను. ముందు పాప అడిగింది మంచి ప్రశ్న. తెలుగులో ‘ఎంత’ అన్నిటికీ సరిపోతుంది. ఎంత నీరు పోయాలి, ఎంత అందంగా ఉందో, ఎంత మంచి రోజు, ఎంత ఎదిగిపోయిందో, అన్నీ ‘ఎంత’తోనే అయిపోతాయి. ఇంగ్లీషు అలా ఊరుకోదు. నీళ్ళు, డబ్బు, టైం లాంటి కొలిచే వాటికి ‘హౌ మచ్’ కావాలి, అందం లాంటి గుణం ముందు ఒట్టి ‘హౌ’ చాలు.

పాపకి ఇలా చెప్పి చూడండి. ఇచ్చిన వాక్యంలో ‘వెరీ’ ఎక్కడుందో వెతకమనండి. దాని తర్వాత గుణం మాట ఉంటుంది. ఆ గుణం వెనకాలే ఒక పేరు, అంటే డే, గర్ల్, హౌస్ లాంటిది ఉందా? ఉంటే ‘వాట్’. గుణంతోనే వాక్యం ఆగిపోతే ‘హౌ’. మొదటి దాంట్లో బ్యూటిఫుల్ వెనక ‘డే’ ఉంది కాబట్టి ‘వాట్’, అసలు వాక్యంలో ఉన్న ‘ఎ’ కూడా దాంతోపాటే వస్తుంది: ‘వాట్ ఎ బ్యూటిఫుల్ డే ఇట్ ఈజ్!’ రెండో దాంట్లో బ్యూటిఫుల్ తర్వాత ఏమీ లేదు, కాబట్టి ‘వెరీ’ లేచిపోయి ఆ కుర్చీలో ‘హౌ’ కూర్చుంటుంది: ‘హౌ బ్యూటిఫుల్ ద రివర్ ఈజ్!’ మీరు ‘వెరీ మచ్ బ్యూటిఫుల్’ అనరుగా, మరి ‘హౌ మచ్ బ్యూటిఫుల్’ ఎక్కణ్ణుంచి వస్తుంది? ఇంకొకటి, ‘వెరీ’ తీసేయడం మర్చిపోయి ‘వాట్ ఎ వెరీ బ్యూటిఫుల్ డే’ అని రాసే పిల్లలు బోలెడుమంది, అదీ చూసుకోండి.

మాధవి: కుర్చీ సంగతి చెప్పగానే పట్టేసింది సార్. కానీ వెంటనే ఇంకో డౌటు. ‘హౌ మచ్’ తర్వాత గుణం మాట అసలెప్పుడూ రాదా అంటోంది.

శ్రీనివాసరావు: వస్తుంది, పోల్చినప్పుడు. ‘హౌ మచ్ బెటర్’, ‘హౌ మచ్ మోర్ బ్యూటిఫుల్’ అంటే ముందుకంటే ఎంత మెరుగు, ఎంత ఎక్కువ అందం అని తేడా కొలుస్తున్నాం కాబట్టి ఒప్పు. క్రియతో కూడా వస్తుంది, ‘హౌ మచ్ షి హాజ్ గ్రోన్!’ అంటే ఎంత ఎదిగిపోయిందో అని. అక్కడ ‘మచ్’ లేకుండా ‘హౌ షి హాజ్ గ్రోన్!’ అన్నా బాగానే ఉంటుంది.

ప్రవీణ్: నాది ఆఫీసు గొడవ. ఎవరికి ప్రమోషన్ వచ్చినా మా టీం గ్రూపులో ‘వాట్ ఎ గ్రేట్ న్యూస్’ అని వరసగా పడిపోతాయి. ఒకరు మాత్రం ‘ఎ’ లేకుండా పెడతారు. ఏది రైటు?

లత: ఆ ఒక్కరే రైటు ప్రవీణ్. ‘న్యూస్’ని ఒకటి, రెండు అని లెక్కపెట్టం, అందుకే ‘వాట్ గ్రేట్ న్యూస్!’ రమేశ్ గారి ‘వాట్ ఎ’ బట్టీ దెబ్బ తినేది ఇక్కడే. వెదర్, ఫర్నిచర్, అడ్వైస్, లక్, వీటి ముందు కూడా ‘ఎ’ రాదు. ‘వాట్ ఎ బ్యాడ్ లక్’ అని క్రికెట్ చూస్తూ రోజూ అంటాం కానీ ‘వాట్ బ్యాడ్ లక్’ అనాలి. ఒకటి కంటే ఎక్కువున్నా అంతే, ‘వాట్ బ్యూటిఫుల్ ఫ్లవర్స్!’ పువ్వులు బోలెడున్నప్పుడు ‘ఎ’ ఎక్కడ నిలబడుతుంది?

రమేశ్: మరి ‘వాట్ ఎ పిటీ’, ‘వాట్ ఎ రిలీఫ్’ అంటారు కదా? జాలిని, ఊరటని లెక్కపెడతామా ఏంటి?

లత: ఇది మాత్రం మంచి పాయింటు. పిటీ, షేమ్, రిలీఫ్, ఈ మూడూ ఇక్కడ ‘ఎ’తోనే వాడుకలో స్థిరపడ్డాయి. వీటిని మాత్రం నిజంగానే బట్టీ పట్టాలి. నాన్సెన్స్, రబ్బిష్ మళ్ళీ ‘ఎ’ లేకుండానే.

ఖాదర్: మా వాడు ‘హౌ బ్యూటిఫుల్ ఈజ్ ద రివర్!’ అని రాస్తే మార్కు కోశారు. అన్ని మాటలూ ఉన్నాయి, చివర ఆశ్చర్యార్థకం గుర్తు కూడా పెట్టాడు. ఇంకేం కావాలండీ?

శ్రీనివాసరావు: వరస కావాలి ఖాదర్ భాయ్. ‘ఎంత అందంగా ఉంది?’, ‘ఎంత అందంగా ఉందో!’, ఈ రెంటికీ తేడా మనకు చివరి ‘ఓ’ చెబుతుంది కదా. ఇంగ్లీషులో ఆ పని మాటల వరసే చేస్తుంది. ‘ఈజ్’ ముందుకొస్తే ప్రశ్న, ‘ద రివర్ ఈజ్’ అని మామూలు వరసలో ఉంటే ఆశ్చర్యం. చివర గుర్తు మార్చినంత మాత్రాన సరిపోదు.

స్వాతి: నేను డల్లాస్‌లో ఉంటాను. ఇక్కడ రోజూ ‘హౌ కూల్ ఈజ్ దట్!’ వింటాను. ‘ఈజ్’ ముందే ఉంది, అయినా ప్రశ్న కాదు. ‘హౌ ఫన్!’ కూడా అంటారు, ఫన్ పేరు కదా, మరి ‘వాట్ ఫన్’ కావాలేమో?

శ్రీనివాసరావు: మాటల్లో అది ఉందమ్మా, కాదనను. ప్రశ్నలా అడిగి అవతలివాళ్ళని ఔననిపించడం. పరీక్ష పేపర్లో మాత్రం రాయకండి. ‘హౌ ఫన్’ నాకు ఇప్పటికీ చెవిలో గుచ్చుకుంటుంది, ‘వాట్ ఫన్’ అనే అంటాను.

స్వాతి: మా పిల్లల ముందు ‘వాట్ ఫన్’ అంటే పాతకాలం మనిషిని చూసినట్టు చూస్తారు సార్. ఈ ‘హౌ బ్యూటిఫుల్ ద రివర్ ఈజ్’ కూడా అంతే, ఎవరూ అనగా వినలేదు. ‘ఇట్స్ సో బ్యూటిఫుల్’, ‘సచ్ ఎ బ్యూటిఫుల్ డే’ అంటారు.

లత: ఆ ‘సో’, ‘సచ్’ పట్టుకున్నా పని అయిపోతుంది మాధవి గారూ. ‘సో’ పట్టేచోట ‘హౌ’, ‘సచ్’ పట్టేచోట ‘వాట్’. ‘ఎ’ సంగతి ‘సచ్’ దగ్గర ఎలా ఉంటే ‘వాట్’ దగ్గరా అలాగే.

ఖాదర్: ‘ఎంతమంది జనమో’ అనడానికి ‘హౌ మెనీ పీపుల్!’ అనొచ్చా మరి?

లత: అంటే అవతలివాళ్ళు లెక్క చెప్పడం మొదలుపెడతారు అన్నా. ‘వాట్ ఎ క్రౌడ్!’ అనండి, లేదా ‘సో మెనీ పీపుల్!’

ప్రవీణ్: చివరగా ఒకటి, నిన్నటి నుంచి మా ఇంట్లో నలుగుతోంది. ‘వాట్ ఎ టేస్టీ ఫుడ్’ తప్పు, ‘వాట్ ఎ టేస్టీ మీల్’ ఒప్పు, ఇంతవరకు ఒప్పుకున్నాం. బిర్యానీకి ‘ఎ’ పెట్టాలా వద్దా?

శ్రీనివాసరావు: హండీలో ఉన్నదంతా కలిపి పొగిడితే ‘వాట్ టేస్టీ బిర్యానీ’. మీ ముందున్న ప్లేటునో, ఫలానా చోట చేసిన ఆ ఒక్క రకాన్నో మెచ్చుకుంటే ‘వాట్ ఎ బిర్యానీ!’ కాఫీకీ ఇంతే, కప్పు చేతిలో ఉంటే ‘వాట్ ఎ కాఫీ!’

లత: కప్పు వరకు సరే సార్, బిర్యానీకి ‘ఎ’ నాకు మింగుడుపడట్లేదు. రైస్ అన్నాక రైసే, ‘వాట్ ఎ రైస్’ అంటామా?

శ్రీనివాసరావు: రైస్ వేరు, వంటకం పేరు వేరు లతా. ‘వాట్ ఎ కర్రీ’ అంటారుగా?

లత: అంటారు. నేను అనను.