క్రెడిట్ కార్డుతో అద్దె కట్టాను, పాయింట్లు సున్నా. ఫీజు వెనక్కి వస్తుందా?

కూకట్‌పల్లిలో అద్దెకుంటున్నాం, నెలకు 22,000. పోయిన నెల జీతం ఆలస్యమైతే ఒక యాప్ ద్వారా క్రెడిట్ కార్డుతో కట్టాను. ఓనర్ అంకుల్ కేవైసీ పూర్తిచేశాకే ఆ యాప్ తీసుకుంది, అదో తలనొప్పి.

యాప్ తన ఫీజు 330 ముందే చూపించింది. సరే, పాయింట్లు వస్తాయి కదా అనుకున్నాను. స్టేట్‌మెంట్ వచ్చాక చూస్తే 22,330 కింద ఇంకో రెండు లైన్లు: అద్దె ప్రాసెసింగ్ ఫీజు 223.30, దానిమీద జీఎస్టీ 40.19. అంటే బ్యాంకు 1 శాతాన్ని యాప్ ఫీజుతో కలిపిన మొత్తంమీద లెక్కేసింది! అన్నీ కలిపి 593.49 పోయాయి, పాయింటు ఒక్కటీ రాలేదు.

కస్టమర్ కేర్‌లో అడిగితే, ఈ లావాదేవీ 6513 అనే మర్చంట్ కోడ్‌తో వచ్చిందని, అది అద్దెల కోడ్ కాబట్టి పాయింట్లు ఉండవని చెప్పారు. వాలెట్‌లో డబ్బు వేసి అక్కణ్నుంచి కడదామంటే, దానికి 6540 అనే వేరే కోడ్ ఉందట, అక్కడా ఇదే కథ అని మా కొలీగ్ అంటున్నాడు.

ఈ 223 రివర్స్ చేయించుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? నా కార్డు వార్షిక ఫీజు మాఫీకి ఏడాదిలో 2 లక్షలు ఖర్చుపెట్టాలి. అందులో ఈ అద్దెను లెక్కేస్తారా, తీసేస్తారా? ఈ నెల అద్దె 5వ తేదీకల్లా కట్టాలి, కాస్త త్వరగా చెప్పండి.