ఐదు రాజ్యాల పట్టికలో నాచు ఏ గడిలోకి వస్తుంది?

ఇంటర్ మొదటి ఏడాది, ఎంవీపీ కాలనీ
సోమవారంలోగా ఐదు రాజ్యాల వర్గీకరణ పట్టిక వేసి ఇవ్వాలి. జంతువుల వరస అయిపోయింది. శైవలాల దగ్గర ఆగిపోయాను. నోస్టాక్‌ను మొనీరాలో, క్లోరెల్లాను ప్రొటిస్టాలో, అల్వాను మొక్కల్లో రాసి ఉంది. మూడూ శైవలాలే కదా, మూడు గళ్లలో ఎందుకున్నాయి?

గాజువాక ట్యూషన్ మాస్టారు
ఇందులో తికమక ఏమీ లేదమ్మా. బాక్టీరియా అయితే మొనీరా. మిగతావాటిలో ఒకే కణం ఉంటే ప్రొటిస్టా. పచ్చగా ఉండి చాలా కణాలుంటే మొక్క. ఈస్టుకూ ఒకే కణం కాబట్టి మా పిల్లల చేత ప్రొటిస్టాలోనే రాయించాను.

సీతమ్మధార గృహిణి
మా మేడ మీద నీళ్ల ట్యాంకులో పట్టేది కూడా ఈ నాచేనా? నెలకోసారి కడిగినా మళ్లీ వస్తోంది.

రిటైర్డ్ బోటనీ లెక్చరర్
మాస్టారూ, ఈస్టు చేత ఇల్లు మార్పించారు! మీ సూత్రం సగం వరకు సరే, ప్రశ్నల వరసే తిరగబడింది. కణాల లెక్క చివర్లో అడగాలి.

మొదటి ప్రశ్న: కణంలో పొర కప్పిన కేంద్రకం ఉందా? లేకపోతే మొనీరా, ఇక ముందుకు వెళ్లనక్కర్లేదు. నోస్టాక్ ఇక్కడే ఆగిపోతుంది. పేరుకు నీలి ఆకుపచ్చ శైవలమే కానీ, అది నిజానికి ఒక రకం బాక్టీరియాయే. పూసల దండలా గొలుసు కట్టి ఉన్నా సరే, అది మొనీరాయే.

రెండో ప్రశ్న: ఆహారం ఎలా సంపాదిస్తుంది? ఈస్టు తన చుట్టూ ఉన్న చక్కెరను కణ కవచం గుండా పీల్చుకుంటుంది. ఆ కవచంలో కైటిన్ కూడా ఉంటుంది. అందుకే ఒకే కణమైనా అది శిలీంధ్రమే. కణాల సంఖ్య ఆ తర్వాతే అడగండి. క్లోరెల్లా ఒంటరి కణం, ప్రొటిస్టాకు వెళ్తుంది. అల్వా బహుకణ జీవి, మొక్కల్లోకి వస్తుంది.

అమ్మాయీ, ఆటుపోటు తగ్గినప్పుడు తెన్నేటి పార్కు కింద రాళ్ల దగ్గరికి పెద్దవాళ్లతో వెళ్లి చూడు. జారుడుగా, పాలకూర ఆకులా ఉండే పచ్చటి రేకు కనిపిస్తే అది అల్వా కావచ్చు. వెలుతురుకెదురుగా పట్టుకుంటే వెనక ఉన్న వేలు కనిపిస్తుంది, ఎందుకంటే దాని మందం రెండు కణాలే. గోధుమ రంగులో మిరియాల్లాంటి గాలి బుడగలతో ఉండేది సర్గాసం.

గృహిణిగారూ, ట్యాంకులో పచ్చదనం ఏ రాజ్యానిదో కంటికి తెలియదు. మైక్రోస్కోపులో రంగు కణమంతా పరచుకుని ఉంటే మొనీరా, పచ్చటి గిన్నె ఆకారంలో ఒక పక్కకు ఒదిగి ఉంటే క్లోరెల్లా లాంటిది. ట్యాంకులోకి వెలుతురు పడకుండా మూత బిగించండి, అసలు మందు అదే. పైగా వానాకాలం గోడ మీద మెత్తటి పరుపులా పెరిగేదాన్నీ మనం నాచే అంటాం, అది శైవలమే కాదు, మాస్ మొక్క. అందుకే పట్టికలో ‘నాచు’ అని మాత్రం రాయకూడదు, పేరు రాయాలి.

| రాజ్యం | కణం | కణ కవచం | పోషణ | ఉదాహరణలు |
|---|---|---|---|---|
| మొనీరా | కేంద్రకపూర్వ | సెల్యులోజ్ లేనిది | స్వయంపోషణ, పరపోషణ రెండు రకాలూ | నోస్టాక్, లాక్టోబాసిల్లస్ |
| ప్రొటిస్టా | నిజకేంద్రక, ఎక్కువగా ఏకకణ | కొన్నింటిలో | రెండు రకాలూ | అమీబా, యూగ్లీనా, డయాటమ్‌లు |
| శిలీంధ్రాలు | నిజకేంద్రక | కైటిన్‌తో | పీల్చుకోవడం | ఈస్టు, పుట్టగొడుగు |
| మొక్కలు | నిజకేంద్రక, బహుకణ | సెల్యులోజ్ | కిరణజన్య సంయోగక్రియ | అల్వా, మాస్, కొబ్బరి |
| జంతువులు | నిజకేంద్రక, బహుకణ | లేదు | మింగడం | వానపాము, చేప |

గాజువాక ట్యూషన్ మాస్టారు
ఈస్టు విషయం ఒప్పుకుంటున్నాను, రేపే దిద్దిస్తాను. కానీ సర్గాసం మొక్క కాదని ఇప్పుడు అంటున్నారు కదండీ?

రిటైర్డ్ బోటనీ లెక్చరర్
నిజమే. ఈ ఐదు రాజ్యాల పద్ధతి తెచ్చిన విట్టేకర్ 1969లో సముద్రపు పెద్ద శైవలాలను మొక్కల్లో పెట్టాడు. తర్వాత కొందరు వాటిని ప్రొటిస్టుల వైపు మార్చారు. సర్గాసం లాంటి గోధుమ శైవలాలు అల్వాకంటే డయాటమ్‌లకే దగ్గర చుట్టాలని జన్యు పరిశోధనలు చెబుతున్నాయి. పట్టిక పైన ‘విట్టేకర్ పద్ధతి’ అని రాస్తే ఏ లెక్క ప్రకారం రాశావో దిద్దేవారికి తెలుస్తుంది.

ఇంటర్ మొదటి ఏడాది, ఎంవీపీ కాలనీ
ధన్యవాదాలు సార్. ఇంకొకటి. క్లామిడోమోనాస్‌ను ప్రొటిస్టాలో చెప్పి, వృక్షరాజ్యం పాఠంలో ఆకుపచ్చ శైవలాల్లో మళ్లీ చూపించారు. దానికీ ఒకే కణం కదా?

రిటైర్డ్ బోటనీ లెక్చరర్
పుస్తకంలోనే ఉన్న తగాదా అది, తల్లీ. ఒక కణమని ఒక పాఠం లాగుతుంది, పత్రహరితం, పిండిపదార్థం మొక్కల్లాగే ఉన్నాయని ఇంకో పాఠం లాగుతుంది. మీ మేడమ్‌ను అడుగు.

ఇంటర్ మొదటి ఏడాది, ఎంవీపీ కాలనీ
సోమవారంలోగా మేడమ్ దొరకరు. దాన్ని తీసేసి డయాటమ్ రాశాను.