చెన్నై హోటల్లో తమిళ మెనూ: ‘కడలై’ అంటే శనగా, శనక్కాయా?

కావలి అమ్మ
పోయిన వారం మా పాపని కళ్ల డాక్టరుకి చూపించడానికి చెన్నై వెళ్లాం. మధ్యాహ్నం ఒక హోటల్లో కూర్చుంటే కాగితం మెనూ లేదు, బల్ల మీద క్యూఆర్ స్టిక్కర్ ఒక్కటే. స్కాన్ చేస్తే అంతా తమిళం. క్రోమ్‌లో తెలుగులోకి మార్చాను. ఇక్కడే వచ్చింది చిక్కు. పాపకి వేరుశనగ పడదు, తిన్న పది నిమిషాలకే పెదాలు వాచి దద్దుర్లు వస్తాయి. తెలుగులోకి మారిన మెనూలో చట్నీ కింద ‘శనగ’, బజ్జీ కింద ‘శనగ’, వాడే నూనె గురించి రాసిన చోటా ‘శనగ’. మనకి శనగ నూనె అంటే శనక్కాయల నూనే, శనగపిండి అంటే మాత్రం కాదు. ఏది ఏదో తేలక పాపకి పెరుగన్నం పెట్టించుకొని లేచాం. వచ్చే నెల మళ్లీ వెళ్లాలి. మీరెలా చూసుకుంటున్నారు?

సింగరాయకొండ బాబాయ్
క్యూఆర్ అంటేనే జాగ్రత్తగా ఉండాలమ్మా. నేను బల్ల మీది స్టిక్కర్‌ని డబ్బులు కట్టే యాప్‌తో స్కాన్ చేస్తే పని చేయలేదు. పక్కన ఇంకోటి అంటించి ఉంటే దానికి 640 రూపాయలు కొట్టాను. తీరా చూస్తే అది హోటలు వాళ్లది కాదట, గొడవైపోయింది. కాగితం మెనూ లేని చోట కూర్చోకండి.

మూలాపేట శీను
బాబాయ్, ఆమె అడిగింది తిండి గురించి. అయినా మీ మాటా పనికొస్తుంది, చివర్లో చెప్తాను.

అక్కా, నేను పద్నాలుగేళ్లు చెన్నైలో ఉండి వచ్చాను. ఆ మెనూలో మూలపదం கடலை, అంటే కడలై. మన ‘శనగ’ లాంటిదే, పక్కన ఏ మాట ఉందో దాన్నిబట్టి అర్థం మారిపోతుంది. கடலை மாவு అంటే శనగపిండి. கடலைப்பருப்பு అంటే పచ్చిశనగపప్పు. பொட்டுக்கடலை అంటే పుట్నాలు. ఈ మూడింటిలో శనక్కాయ లేదు. కానీ கடலை எண்ணெய் అంటే అచ్చంగా వేరుశనగ నూనె, கடலை மிட்டாய் అంటే పల్లీపట్టి. అనుమానం లేకుండా శనక్కాయ అని చెప్పే మాట வேர்க்கடலை, వేర్‌కడలై. నిలక్కడలై అన్నా అదే. తర్జుమా వీటన్నిటినీ ‘శనగ’ చేసేస్తే మీ తప్పేముంది!

అందుకే తెలుగులోకి మార్చేముందే తమిళ పేజీని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. తెలుగులో చదివి వంటకం ఎంచుకోండి, పదార్థాల మాట మాత్రం స్క్రీన్‌షాట్‌లో చూడండి. వెయిటర్‌కి చూపించేటప్పుడు కూడా తమిళ పేరే చూపించాలి. మన ఫోన్లో వచ్చిన తెలుగు పేరు వంటింట్లో ఎవరికీ తెలియదు.

దర్గామిట్ట కుర్రోడు
తర్జుమా సంగతి నన్నడగండి. ‘కోలా ఉండలు’ అని వస్తే కూల్‌డ్రింక్‌తో ఏదో కొత్త స్వీటనుకొని చెప్పాను. మటన్ ఖైమా ఉండలు వచ్చాయి! బాగున్నాయి లెండి. మా అత్తయ్య మాత్రం శనివారం మాంసం ముట్టదు, ‘సురా పుట్టు’ని మన పిట్టు అనుకొని చెప్పించుకుంది. అది సొరచేప పొరటు.

చీమకుర్తి లాయర్
ఇంత తంటా దేనికండీ? అలర్జీ వివరాలు మెనూలో రాయాలని ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధనే ఉంది. ప్రతి హోటలూ రాయాల్సిందే. లేకపోతే గట్టిగా అడగండి.

ఒంగోలు వంటిల్లు
లాయర్ గారూ, నిబంధన ఉంది, ప్రతి హోటలుకీ కాదు. 2020 నిబంధనల్లో అది కేంద్ర లైసెన్సు ఉన్నవాళ్లకి, పది లేక అంతకన్నా ఎక్కువ చోట్ల శాఖలున్నవాళ్లకి. సందులో ఉన్న మెస్సుని గట్టిగా అడిగితే ఆయన మనకంటే గట్టిగా మాట్లాడతాడు. పెద్ద గొలుసు హోటలైతే మెనూలో వంటకం పేరు నొక్కి చూడండి, కేలరీల దగ్గర అలర్జీ గుర్తులు ఉండొచ్చు. నిబంధన చెప్పే అలర్జీల జాబితాలో వేరుశనగ ఉంది. నువ్వులు మాత్రం ఆ నిబంధనలో లేవు, నువ్వులు పడనివాళ్లు గుర్తుల్ని నమ్ముకోకూడదు.

హోటల్లో పనిచేసేవాడిగా ఇంకొక్క మాట. ఆర్డర్ పెట్టేటప్పుడు ‘సూచనలు’ అని ఒక పెట్టె వస్తుంది కదా, అందులో ‘శనక్కాయలు వద్దు’ అని రాసి నిశ్చింతగా ఉండకండి. మా దగ్గర వంటింట్లో వచ్చే చీటీ మీద పొడుగు నోట్ సగమే ప్రింటయ్యేది. రద్దీలో మాస్టరు వంటకం పేరూ, ఎన్ని ప్లేట్లో చూస్తాడు, కింద అక్షరాలు చూడడు. మనిషిని పిలిచి నోటితో చెప్పాలి. తమిళం రాకపోతే ఫోన్లో ఈ వాక్యం ఉంచుకోండి:

இதில் வேர்க்கடலை இருக்கிறதா?

‘ఇందులో శనక్కాయ ఉందా’ అని. దీన్ని చట్నీకి ఒకసారి, పొడికి ఒకసారి, నూనెకి ఒకసారి విడివిడిగా చూపించండి. అన్నీ కలిపి అడిగితే ‘ఇల్లె’, అంటే లేదు, అనేసి పోతారు. కొబ్బరి చట్నీలో శనక్కాయలు కలిపే వంటవాళ్లు ఉన్నారు, దాని పేరులో మాత్రం కొబ్బరే ఉంటుంది.

కావలి అమ్మ
శీనూ, పుట్నాలు ఇంట్లో తింటుంది, ఏమీ కాలేదు. నూనె సంగతే తెలియట్లేదు. రిఫైన్డ్ నూనె వేరు, గానుగ నూనె వేరు అంటారు కదా?

ఒంగోలు వంటిల్లు
వేరేనమ్మా. బాగా రిఫైన్ చేసిన నూనెలో శనక్కాయ ప్రోటీన్ దాదాపు పోతుంది, గానుగ నూనెలో మిగులుతుంది. అలర్జీ తెచ్చేది ఆ ప్రోటీనే. చెన్నైలో ‘మరచ్చెక్కు కడలై ఎణ్ణెయ్’, అంటే చెక్క గానుగ వేరుశనగ నూనె, అని గొప్పగా బోర్డు పెడతారు, మీకు అదే ప్రమాదం. అయితే రిఫైన్డ్ కూడా మీ పాపకి పెట్టొచ్చా అన్నది నేను చెప్పకూడదు, డాక్టర్నే అడగండి.

చీమకుర్తి లాయర్
మా అబ్బాయికి పుట్నాలు కూడా పడవు. రెండూ ఒకే చిక్కుడు కుటుంబం కదా, మానెయ్యడమే మేలు.

మూలాపేట శీను
అందరికీ అలా కాదు సార్, ఆ పాప తింటోంది కదా. ఇక డబ్బు సంగతి. బాబాయ్ చెప్పినట్టు మెనూ స్టిక్కర్ వేరు, డబ్బుల స్టిక్కర్ వేరు. మెనూని ఫోన్ కెమెరాతో స్కాన్ చేయాలి, `https://` తో మొదలయ్యే లింకు వస్తుంది. `upi://pay` అని వస్తే అది డబ్బులది. పిన్ కొట్టే ముందు తెరమీద వచ్చే పేరు కౌంటర్లో వాళ్లకి చూపించి ‘మీదేనా’ అని అడిగితే చాలు. మెనూ చూడటానికి పిన్ అడిగితే లేచి రావడమే.

అక్కా, మీకు ముఖ్యమైంది ఇది: కొన్ని చోట్ల ముందు డబ్బు కడితేనే ఆర్డర్ వంటింటికి పోతుంది. కట్టాక ‘ఇందులో శనక్కాయ ఉంది’ అని తెలిస్తే డబ్బు వెనక్కి రావడానికి రోజులు పట్టొచ్చు. కాబట్టి ముందు అడగండి, తర్వాత కట్టండి. ரொக்கம் అని కనిపిస్తే నగదు, అది నొక్కితే చాలా చోట్ల మనిషే బల్ల దగ్గరికి వస్తాడు. అడగడానికి అదీ ఒక దారే.

కావలి అమ్మ
వెళ్లొచ్చాం. ఈసారి మెనూ పేజీ కూడా కాదు, ఫొటోలు. క్రోమ్ తర్జుమా చేయలేదు. స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో పెడితే చదివింది. ఇడ్లీ, వడ అనుకున్నాం. వాక్యం చూపిస్తే వెయిటర్ చట్నీకి ‘ఇల్లె’ అన్నాడు. నూనె అని అడిగేసరికి లోపలికెళ్లి వచ్చి ‘చెక్కు కడలై ఎణ్ణెయ్’ అన్నాడు. వడ మానేశాం. ఇడ్లీలోకి పొడి కూడా వద్దన్నాం, సాంబారుతో తినిపించాను. నగదే ఇచ్చాను. పాపకి ఏమీ కాలేదు. కానీ ఇంటికొచ్చాక అనుమానం, ఇడ్లీ రేకులకి ఏ నూనె రాస్తారు?

ఒంగోలు వంటిల్లు
అక్కడ ఎక్కువగా నల్లెణ్ణెయ్, మన మంచినూనె, అంటే నువ్వులది. గుడ్డ పరిచి పోసేవాళ్లూ ఉన్నారు. ఆ హోటల్లో ఏం రాస్తారో మాత్రం అడిగితేనే తెలుస్తుంది.