రెండు రింగులు ఇప్పుడు ఆరు అయ్యాయి: ఫోను ఎత్తాలా?

2004లో హాస్టల్ వదిలినప్పటి నుంచి నా స్నేహితురాలూ నేనూ రోజూ రాత్రి తొమ్మిదింటికి ఒకరికొకరం మిస్డ్ కాల్ ఇచ్చుకుంటున్నాం. ఎత్తని కాల్‌కు డబ్బు పోదు కాబట్టి మొదలైన అలవాటు ఇది. రెండు రింగులంటే "బాగున్నాను, గుర్తొచ్చావు" అని అర్థం. వెంటనే మళ్లీ చేస్తే "మాట్లాడాలి" అని. పొరపాటున ఎత్తితే తన బ్యాలెన్స్ తగ్గేది, అందుకే ఎత్తకపోవడమే మా మర్యాద. కాల్ ఉచితమయ్యాక కూడా అలాగే ఉండిపోయాం.

మూడు వారాలుగా తన కాల్ నా ఫోనులో ఐదారు రింగుల దాకా మోగి ఆగుతోంది. మళ్లీ మాత్రం చేయడం లేదు. తనకు వినిపించే రింగులూ నా ఫోనులో మోగేవీ ఒకే లెక్కలో ఉండవని తెలుసు. నెట్‌వర్క్ ఆలస్యంతో ఒకటి రెండు తేడా రావచ్చు, కానీ రోజూ ఇంత తేడానా? ఈ మధ్యే వాళ్ల నాన్నగారు పోయారు. నేను ఎత్తుతానేమోనని ఎదురుచూస్తోందేమో అనిపిస్తోంది.

ఇలాంటి అలవాటు ఉన్నవాళ్లు చెప్పండి: ఈ రాత్రి ఎత్తేయనా? లేక కాసేపాగి నేనే చేయనా? తను మాటల్లో చెప్పలేనిదాన్ని నేను బలవంతంగా చెప్పించినట్టు కాకూడదు.