హ్యాండోవర్ మిగిలి ఉందని జాయినింగ్ డేట్ జరపమని రిక్రూటర్‌ని అడగొచ్చా?

నీలిమేఘం:
ఆఫర్ లెటర్‌లో జాయినింగ్ జూన్ 1, సోమవారం. ఇక్కడ నా లాస్ట్ వర్కింగ్ డే మే 29. రాజీనామా ఆమోదమైంది. కానీ నా స్థానంలోకి వచ్చే మనిషి మే 25న చేరుతున్నారు. హ్యాండోవర్ పూర్తయ్యేదాకా ఇంకో రెండు వారాలు ఉండమని మేనేజర్ అడుగుతున్నారు. నాకూ సగంలో వదిలి వెళ్లాలని లేదు. రిక్రూటర్‌కి ఏమని రాయాలి? అడిగితే ఆఫర్ పోతుందా?

సూటిమాట:
అడగకండి. నోటీసు పీరియడ్ పెట్టిందే హ్యాండోవర్ కోసం. మనిషిని ఆలస్యంగా తెచ్చుకున్నది కంపెనీ, ఆ భారం మీ కొత్త ఉద్యోగం మీద పడటమేంటి? ఒక్కసారి డేట్ జరపమన్నారంటే "ఈ క్యాండిడేట్ వస్తారో రారో" అని అక్కడ అనుమానం మొదలవుతుంది. వెనక ఇంకొకర్ని సిద్ధంగా పెట్టుకుంటారు. 29న ల్యాప్‌టాప్ అప్పగించి వచ్చేయండి.

పాతకాపు:
చాలాకాలంగా రిక్రూటింగ్‌లో ఉన్నాను కాబట్టి అటువైపు నుంచి చెప్తాను. సూటిమాట గారు చెప్పిన అనుమానం నిజంగానే వస్తుంది. అయితే డేట్ జరిపినందుకు కాదు, కారణం వదులుగా చెప్పినందుకు వస్తుంది. పాత కంపెనీ జీతం పెంచి ఆపేసుకుంటుందేమో, ఈ మధ్యలో ఇంకో ఆఫర్ చూసుకుంటున్నారేమో అన్నవే రిక్రూటర్ భయాలు. "మా మేనేజర్ రిలీవ్ చేయట్లేదు, కాస్త టైమ్ కావాలి" అని రాస్తే ఆ రెండూ ఒకేసారి లేస్తాయి. అందులో తేదీ లేదు, వెళ్లడం మీ చేతుల్లో ఉన్నట్టూ లేదు.

ఇంకోటి, డేట్ మార్చే అధికారం చాలాచోట్ల రిక్రూటర్‌ది కాదు. వాళ్లు మీ మెయిల్‌ని హైరింగ్ మేనేజర్‌కి ఫార్వర్డ్ చేసి అడుగుతారు. కాబట్టి మీ ముఖం కూడా చూడని మనిషి చదివినా అర్థమయ్యేలా ఉండాలి. ఇలా రాయొచ్చు:

> విషయం: జాయినింగ్ తేదీ జూన్ 1 నుంచి జూన్ 15కి మార్చమని అభ్యర్థన
>
> నమస్తే అండీ,
> జూన్ 1న ఉన్న నా జాయినింగ్‌ని జూన్ 15, సోమవారానికి మార్చగలరా? నా స్థానంలోకి వచ్చే ఉద్యోగి మే 25న చేరుతున్నారు. వారికి పని అప్పగించడం జూన్ 12తో పూర్తవుతుంది. మీరు అంగీకరిస్తే ఆ రోజే రిలీవ్ చేస్తామని ఇక్కడి హెచ్ఆర్ మెయిల్‌లో తెలిపారు. నా రాజీనామా ఇప్పటికే ఆమోదమైంది, మీ దగ్గర చేరాలన్న నిర్ణయంలో మార్పు లేదు.
> జూన్ 15 కుదరకపోతే జూన్ 8న చేరగలను. మీ టీమ్‌తో మాట్లాడి ఈ శుక్రవారంలోగా తెలియజేస్తారా? అంగీకరిస్తే కొత్త తేదీతో సవరించిన ఆఫర్ లెటర్ పంపగలరు.

క్లయింట్ పేరు, ప్రాజెక్టు వివరాలు రాయకండి. అవి పాత కంపెనీ సొత్తు. పైగా వాటిని బయటపెట్టే మనిషి రేపు మా సంగతులూ ఇలాగే చెప్తారు కదా అనిపిస్తుంది.

లక్ష్మీ_క్యూఏ:
నాదీ ఇదే సమస్య అండీ. మా వాళ్లు రిలీవింగ్ లెటర్ ఇవ్వకుండా తిప్పుతున్నారు. నోటీసు డబ్బు కట్టేసి బయటపడొచ్చా?

పాతకాపు:
అమ్మా, మీది వేరే సంగతి. వీళ్లని ఎవరూ ఆపట్లేదు, వీళ్లే ఉండాలా వద్దా అని చూస్తున్నారు. మీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో నోటీసుకి బదులు డబ్బు కట్టే వీలుందో లేదో చూసి, విడిగా ఒక ప్రశ్న పెట్టండి. అక్కడ మాట్లాడదాం.

ఆర్కే:
ఇంత రాయడం దేనికి? రిక్రూటర్‌కి ఫోన్ చేస్తే రెండు నిమిషాల్లో "ఓకే" అంటారు. మెయిల్ పెడితేనే విషయం పెద్దదవుతుంది.

పాతకాపు:
ముందు ఫోన్ చేయడం మంచిదే, మెయిల్ ఉన్నట్టుండి ఊడిపడకుండా ఉంటుంది. కానీ ఆ "ఓకే" దగ్గర ఆగిపోకండి. ఫలానా తేదీలోగా చేరకపోతే ఈ ఆఫర్ చెల్లదు అనే వాక్యం చాలా ఆఫర్ లెటర్లలో ఉంటుంది. ఈలోపు ఆ రిక్రూటర్ ఉద్యోగం మారినా, ఆ పోస్టుని ఆపేసినా, చేతిలో ఉండేది పాత తేదీ ఉన్న కాగితమే. సవరించిన లెటర్ రావడం ఆలస్యమైతే కనీసం కంపెనీ మెయిల్ ఐడీ నుంచి "జాయినింగ్ జూన్ 15" అని ఒక్క లైను తెప్పించుకోండి. మధ్యలో కన్సల్టెన్సీ ఉంటే ఇంకా జాగ్రత్త. మీరు చేరితేనే వాళ్లకి కమీషన్, అందుకని కంపెనీని అడగకుండానే సరే అనేవాళ్లూ ఉంటారు.

నీలిమేఘం:
కన్సల్టెన్సీ లేదండీ, కంపెనీ హెచ్ఆరే. మరి ఇక్కడ లాస్ట్ వర్కింగ్ డే ముందు మార్పించుకోవాలా, వాళ్లు ఒప్పుకున్నాకా?

పాతకాపు:
అసలు దెబ్బతినేది ఈ వరుస దగ్గరే. ముందే ఎగ్జిట్ పోర్టల్‌లో జూన్ 12 అని మార్పించేసి, కొత్తవాళ్లు కుదరదంటే రెండు తేదీల మధ్య ఇరుక్కుపోతారు. అసలేమీ లేకుండా రిక్రూటర్‌ని అడిగితే రేపు మేనేజర్ ఇంకో వారం అంటారు, రెండోసారి అడగాల్సి వస్తుంది. మొదటిసారి జరిపితే అర్థం చేసుకుంటారు. రెండోసారికి నమ్మకం పోతుంది.

అందుకని మీ మేనేజర్‌కీ హెచ్ఆర్‌కీ ఒకే మెయిల్ పెట్టండి: "కొత్త కంపెనీ అంగీకరిస్తే జూన్ 12 నా చివరి రోజు, ఆపై పొడిగింపు ఉండదు. అంగీకరించకపోతే మే 29లో మార్పు లేదు. దీన్ని ధ్రువీకరించండి." జవాబు వచ్చాక రిక్రూటర్‌కి రాయండి. వాళ్ల దగ్గర్నుంచి రాతలో అంగీకారం వచ్చాకే పోర్టల్‌లో తేదీ మార్పించండి.

సూటిమాట:
ఇది బాగుంది, ఒప్పుకుంటాను. కానీ రెండు వారాలెందుకు? హ్యాండోవర్ అన్నది ఎంత టైమ్ ఇస్తే అంత సాగుతుంది.

వినీల_డెలివరీ:
హ్యాండోవర్లు చేయించడం నా రోజువారీ పని కాబట్టి ఈ లెక్క చెప్తాను. మే 25 నుంచి వారం మీరు చెప్తారు, వాళ్లు వింటారు. జూన్ 1 వారం మీరు చేస్తుంటే వాళ్లు పక్కన కూర్చుని చూస్తారు. జూన్ 8 వారం వాళ్లు చేస్తుంటే మీరు చూస్తారు. ఎప్పుడూ కోసేసేది ఈ మూడోదాన్నే. మీకు అలవాటై చెప్పడం మరిచిపోయిన స్టెప్పులన్నీ బయటపడేది కూడా అందులోనే. అది జరగకపోతే కొత్త ఆఫీసులో మొదటి వారం అంతా పాత టీమ్ ఫోన్లే.

అయితే వారం తగ్గించే దారి ఉంది. 25 దాకా ఆగకండి. పెండింగ్ పనులు, ఏ యాక్సెస్ ఎవరి దగ్గర ఉంది, నెలకోసారి మాత్రమే వచ్చే పనులు ఇప్పుడే రాసిపెట్టండి. టీమ్‌లో ఉన్న ఒకరికి ఈ వారం నుంచే చెప్తూ రికార్డ్ చేయండి. కొత్తమనిషి మొదటి వారం అవి చూస్తూనే మీ పక్కన కూర్చోవచ్చు. అలాగైతే జూన్ 5 సరిపోతుంది, 8న చేరొచ్చు.

సూటిమాట:
అయితే 8నే అడగండి! పైన మెయిల్‌లో "కుదరకపోతే 8" అని రాస్తే ఎవరైనా 8నే పట్టుకుంటారు. ఆ వాక్యం తీసేయాలి.

పాతకాపు:
నేనైతే తీయను. అది ఉంటే మీరు రావడానికే చూస్తున్నారని హైరింగ్ మేనేజర్‌కి తెలుస్తుంది. లేకపోతే ఆయన ముందు ఉండేది అవును, కాదు అన్న రెండు జవాబులే.

వినీల_డెలివరీ:
నాది సూటిమాట గారి వైపే. రెండు తేదీలు చూపిస్తే మొదటిది అంత అవసరం కాదని మీరే చెప్పినట్టు. నిజంగా 12 దాకా పని ఉంటే 15 ఒక్కటే రాయండి, లేదంటే 8 ఒక్కటే రాయండి.

నీలిమేఘం:
పెండింగ్ పనుల జాబితా ఇవాళ మొదలుపెడతాను. అది చూశాక 5కి పూర్తవుతుందో 12 కావాలో తేలుతుంది. మేనేజర్‌కి మెయిల్ మాత్రం ఆ తేదీ తేలాకే పెడతాను.